గాయాన్ని కాదు, అది చేస్తున్న పనిని చూడండి

పిల్లల చేతి మీద వాళ్లంతట వాళ్లు చేసుకున్న గాయాలు కనపడగానే ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే మాట ఒకటే: "ఎందుకు చేసినవ్?" దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "ఏమో."

ఆ "ఏమో" పొగరు కాదు, దాపరికం కూడా కాకపోవచ్చు. ఆ వయసు పిల్లల్లో చాలామందికి నిజంగానే జవాబు తెలియదు. పైగా "ఎందుకు" అనే మాట మన ఇళ్లల్లో ప్రశ్నలా వినపడదు, నేరం మోపినట్టు వినపడుతుంది. అందుకే ఈ వారం ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకో ప్రశ్న అడుగుదాం. ఆ గాయం ఆ పిల్లకో పిల్లాడికో ఏం పని చేసి పెట్టింది?

ఈ కాలమ్ చదివేది మీరే అయినా, దీని అవసరం మీ అమ్మానాన్నలకు ఉండొచ్చు. అందుకే వాళ్లకు చదివి వినిపించేలా రాస్తున్నా.

ముందు ఒక తేడా తెలుసుకుందాం

కావాలని తన శరీరానికి తనే నొప్పి కలిగించుకోవడాన్ని సెల్ఫ్ హార్మ్ అంటారు. తెలుగులో స్వీయహాని. చాలాసార్లు దీని వెనక చనిపోవాలన్న ఉద్దేశం ఉండదు. భరించలేని ఒక గంటను ఎలాగోలా దాటాలన్న ప్రయత్నమే ఉంటుంది. అనేక దేశాల్లో జరిగిన సర్వేలను కలిపి 2014లో ఒక లెక్క వేశారు. టీనేజ్ పిల్లల్లో నూటికి 17 మంది దాకా జీవితంలో ఒక్కసారైనా ఇలా చేసుకున్నారని తేలింది. అంటే మీ క్లాసులో 50 మంది ఉంటే, ఈ సంగతి తెలిసినవాళ్లు ఎనిమిది తొమ్మిది మంది ఉండొచ్చు.

చనిపోవాలన్న ఉద్దేశం లేదు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఇలా గాయపరుచుకునే పిల్లల్లో తర్వాత్తర్వాత ఆత్మహత్య ఆలోచనలు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. కాబట్టి రెండూ ఒకటే అనుకుని ఇల్లంతా గగ్గోలు పెట్టడం తప్పు, దీనికీ దానికీ సంబంధమే లేదని వదిలేయడం ఇంకా తప్పు.

గాయం ఒకటే, పనులు వేరు

అమెరికాలో మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టైన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. మానసిక వైద్యం కోసం ఆసుపత్రికి వచ్చిన 108 మంది టీనేజర్లను తీసుకుని, స్వీయహాని చేసుకున్నవాళ్లను 'మీకు దీనివల్ల ఏం జరుగుతోంది' అని వివరంగా అడిగారు. వచ్చిన జవాబుల్ని నాలుగు రకాలుగా సర్దారు. మొదటిది, లోపలి బాధ కాసేపు తగ్గడం. రెండోది, మొద్దుబారిపోయిన మనసుకు ఏదో ఒకటి తెలియడం. మూడోది, ఎదుటివాళ్ల నుంచి పట్టింపో సాయమో దొరకడం. నాలుగోది, ఎదుటివాళ్లు పెట్టే ఒత్తిడి నుంచో గొడవ నుంచో తప్పించుకోవడం. ఎక్కువమంది చెప్పినవి లోపలి కారణాలే, అంటే మొదటి రెండు.

చెప్పుకుంటే ఇది పుస్తకం సంగతిలా ఉంటుంది. మన జిల్లాల్లోని మూడు ఇళ్లల్లో పెట్టి చూద్దాం. ఇవి ఏ ఒక్క కుటుంబానివీ కావు. చాలా ఇళ్లల్లో కనపడేవి కలిపి, గుర్తుపట్టకుండా అల్లినవి.

జనగామలో ఇంటర్ చదివే పిల్లాడు. రాత్రి తాగొచ్చిన తండ్రికీ తల్లికీ గొడవ మొదలవగానే పక్క గదిలోకి పోయి గోడను గుద్దుతాడు. చేతివేళ్ల కణుపులు ఎప్పుడూ వాచే ఉంటాయి. ఇంట్లో అందరూ "వాడికి కోపం ఎక్కువ" అంటారు. మగపిల్లల స్వీయహాని చాలావరకు ఇలా కోపం అనే పేరు కింద దాగిపోతుంది. కానీ గమనిస్తే, వాడు గోడను గుద్దిన మరుక్షణం బయట గొడవ ఆగుతుంది. అమ్మ పరుగెత్తుకొస్తుంది, నాన్న నోరు తగ్గిస్తాడు. ఆ దెబ్బ చేస్తున్న పని అది. ఆ ఇంట్లో గొడవ ఆపే దారి వాడికి ఇంకోటి దొరకలేదు.

మహబూబాబాద్ దగ్గర తండాలో తొమ్మిదో తరగతి అమ్మాయి. తనను పెంచిన నానమ్మ పోయి నాలుగు నెలలైంది. ఏడవలేదు. అందరూ "గట్టి పిల్ల" అని మెచ్చుకున్నారు. ఆమె మాత్రం "నాకు ఏం అనిపిస్తలేదు, రాయిలెక్క ఉన్న" అంటుంది. ఆమె గాయం చేసే పని వేరు. మొద్దుబారిన మనసుకు బతికే ఉన్నానని గుర్తు చేయడం.

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడి కూతురు. హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చింది. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల డ్రెస్సే వేసుకుంటుంటే తల్లికి అనుమానం వచ్చింది. ఒకరోజు గుర్తులు కనపడ్డాయి. ఈ అమ్మాయి గాయం ఏం పని చేస్తోందో కింద వివరంగా చూద్దాం. ఎందుకంటే అక్కడే అసలు విషయం ఉంది.

ఈ ముగ్గురికీ ఒకే మందు పని చేయదు. పిల్లాడి ఇంట్లో మారాల్సింది రాత్రిపూట గొడవ. తండా పిల్లకు కావాల్సింది నానమ్మ గురించి మాట్లాడుకునే మనిషి, ఏడ్చే వీలు. ముగ్గురినీ కూర్చోబెట్టి "ఇంకోసారి చేస్తే చూడు" అంటే ముగ్గురికీ ఉపయోగం లేదు.

కంగారులో చేసే నాలుగు పనులు

భూపాలపల్లి ఇంట్లో మొదటిరోజు ఏం జరిగిందో చూడండి. తల్లి ఏడుస్తూ "మమ్మల్ని బతకనియ్యవా" అంది. తండ్రి సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చి విషయం విని ఫోన్ గుంజుకున్నాడు. "నా మీద ఒట్టెయ్, ఇంకెప్పుడు చెయ్యనని" అన్నాడు. మరునాడు పెద్దమ్మను పిలిపించి దిష్టి తీయించారు. అప్పట్నుంచి రోజూ పొద్దున చేతులు చూపించమన్నారు.

వీటిలో చెడ్డ ఉద్దేశంతో చేసింది ఒక్కటీ లేదు. కానీ ఒక్కోటి ఏం చేస్తుందో చూద్దాం.

తిట్టి ఏడ్చేస్తే పిల్లకు అర్థమయ్యేది ఒకటే: నా బాధ చెబితే ఇంటి బాధ రెట్టింపవుతుంది. కొంతమంది పిల్లల్లో స్వీయహాని వెనక "నావల్ల అందరికీ కష్టం" అన్న ఆలోచన ఉంటుంది. మన ఏడుపు ఆ ఆలోచనకు సాక్ష్యంగా మారుతుంది.

ఫోన్ గుంజుకుంటే, రాత్రి 11 గంటలకు మనసు విరిగినప్పుడు మాట్లాడే ఒక్క ఫ్రెండూ పోతుంది. గాయం చేసే పని అలాగే ఉంటుంది, దాని బదులు వాడుకోగల దారి మూసుకుపోతుంది.

ఒట్టు వేయిస్తే పిల్ల వేస్తుంది. ఆ క్షణంలో నిజంగానే వేస్తుంది. కానీ మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఆపుకోలేకపోవచ్చు. అప్పుడు గాయంతోపాటు 'నాన్న మీద ఒట్టు తప్పిన' అన్న భయం కూడా చేరుతుంది. ఇక చెప్పే ధైర్యం ఎక్కడిది?

రోజూ చేతులు చూస్తే గాయాలు ఆగవు. దాచడం నేర్చుకుంటారు. ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో స్వీయహానిపై ఇచ్చిన సూచనల్లో, శిక్షించే పద్ధతులు వాడొద్దని డాక్టర్లకే సూటిగా చెప్పింది. కారణం జాలి కాదు. శిక్ష వల్ల సిగ్గు పెరుగుతుంది. సిగ్గు ఈ పిల్లలు భరించలేని బాధల్లో ఒకటి. భరించలేని బాధను దించుకోవడానికి వాళ్లకు తెలిసిన దారి గాయం. అంటే మనం ఆపాలనుకున్నదాన్నే మన చేత్తో తోస్తున్నట్టు.

మొదటి పది నిమిషాలు

గాయం కొత్తదైతే ముందు దాని సంగతి చూడాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. పది నిమిషాలైనా రక్తం ఆగకపోయినా, లోతుగా ఉన్నా, ఆ చోట స్పర్శ తెలియకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏదైనా మింగారన్న అనుమానం ఉంటే పైకి బాగానే ఉన్నా సరే, ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంటి వైద్యాలు వద్దు. ఈ పనులు చేసేటప్పుడు గొంతు మామూలుగా ఉండాలి. సైకిల్ మీంచి పడొచ్చిన పిల్లకు కట్టు కట్టేటప్పుడు ఎలా మాట్లాడతారో అలా.

తర్వాత మాట. ఆ తల్లి రెండో వారంలో మాట్లాడిన తీరు ఇలా ఉంది. గది తలుపు దగ్గరేసి, మంచం మీద పక్కన కూర్చుంది. ఎదురుగా కాదు.

"బిడ్డా, ఆరోజు నేను భయపడి ఒర్రిన. అది నీమీద కోపం కాదు. ఇయ్యాల తిట్టడానికి రాలే. అది చేసుకునే ముందు ఏమైతుందో నాకు తెల్వాలని ఉంది. చెప్పాలనిపిస్తే చెప్పు. లేకుంటే ఊకెనే కూసుందాం."

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తల్లి కూడా మాట్లాడలేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. రెండు నిమిషాల మౌనం మనకు రెండు గంటల్లా అనిపిస్తుంది, ఏదో ఒక సలహా నోట్లోంచి వచ్చేస్తుంది. రాకుండా ఆపుకోవడమే అక్కడ తల్లి చేయాల్సిన పని.

"సచ్చిపోవాలె అని ఎప్పుడన్న అనిపిస్తుందా బిడ్డా?" అని కూడా సూటిగా అడిగింది. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లల కంటే ఆ ఆలోచనలుగానీ దిగులుగానీ పెరగలేదని తేలింది. అడగడం వల్ల తలుపు తెరుచుకుంటుంది అంతే. ఆ పిల్ల "లేదమ్మా, గంత దూరం లేదు. ఆ టైముల మాత్రం ఆగితే చాలనిపిస్తది" అంది.

ఒకవేళ జవాబు "అవును" అయితే, ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్తే, అది ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన విషయం. ఒంటరిగా వదలకూడదు.

ఆ రోజును వెనక్కి తిప్పి చూడటం

సైకాలజిస్టులు ఇక్కడ ఒక పద్ధతి వాడతారు. గాయం దగ్గర్నుంచి మొదలుపెట్టి గంట గంటగా వెనక్కి వెళ్తారు. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లీనహాన్ తయారుచేసిన డీబీటీ అనే చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. టీనేజ్‌లో తనకు తాను గాయాలు చేసుకుని ఆసుపత్రిలో గడిపిన రోజుల గురించి ఆమె 2011లో బయటికి చెప్పారు. అలాంటి మనిషి తయారుచేసిన ఈ చికిత్సలో "ఎందుకు చేశావ్" కంటే "అప్పుడేం జరిగింది" ఎక్కువ ఉంటుంది. ఆత్మహత్యాయత్నం, స్వీయహాని చేసుకున్న 173 మంది టీనేజర్లతో చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మామూలు ఊరడింపు కౌన్సెలింగ్ కంటే ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో ఆరు నెలల చికిత్స ముగిసేసరికి గాయాలు ఎక్కువగా తగ్గాయి.

మన భూపాలపల్లి అమ్మాయి ఆదివారాన్ని ఇలా తిప్పి చూస్తే, రాత్రి బాత్రూమ్‌లో గాయం. దానికి గంట ముందు రూమ్‌లో ఏడుపొస్తే ఆపుకుంది, ఏడిస్తే పక్కవాళ్లు ఎగతాళి చేస్తారని. దానికి ముందు వార్డెన్ ఫోన్‌లో పది నిమిషాలు నాన్నతో మాట. ఆ పది నిమిషాల్లో మొదటి మాట "ఎన్ని మార్కులు?", చివరి మాట "బాయిల పని చేసి ఫీజు కడుతున్న, యాది పెట్టుకో." దానికి ముందు మధ్యాహ్నం పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో వీకెండ్ టెస్ట్ ర్యాంకుల లిస్ట్. ఆమె పేరు కింద నుంచి వెతకాలి.

ఇప్పుడు గాయం చేసిన పని కనపడుతోంది కదా? ఒకటి కాదు, రెండు పనులు. ఆపుకున్న ఏడుపు లోపల పెంచిన ఒత్తిడిని కాసేపు దించింది. "నాన్న అంత కష్టపడుతుంటే నేను ఇట్ల చదువుతున్న" అని తనకు తానే శిక్ష కూడా వేసింది. ఆ నెమ్మది కొద్ది నిమిషాలే. తర్వాత సిగ్గు, భయం, దాచుకోవడం. వచ్చే ఆదివారం వాటి బరువు కూడా కలుస్తుంది. అలవాటు గట్టిపడేది ఇలాగే.

ఇలా వరసగా పెట్టి చూస్తే, మార్చగలిగేవి గాయానికి చాలా ముందే ఉన్నాయని తెలుస్తుంది. ఆ ఇంట్లో మూడు మార్చారు. ఆదివారం ఫోన్‌లో మొదటి ఐదు నిమిషాలు మార్కుల మాట ఎత్తకూడదు. తిన్నవా, ఎవరితో కూర్చున్నవ్, ఇంట్లో కుక్కపిల్ల ఏం చేసింది, ఇవే. తండ్రికి ఇది చాలా కష్టమైంది. మార్కులు తప్ప కూతురితో మాట్లాడటానికి తన దగ్గర ఇంకేం మాటలు లేవని అప్పుడే తెలిసింది. రెండోది, "మనసు బాగలేదు" అని నేరుగా చెప్పలేకపోతే "అమ్మా, తలనొప్పి" అంటే చాలు, అది వాళ్లిద్దరి మధ్య గుర్తు. తల్లి ఆరోజు ఇంకేం అడగకుండా ఇంకోసారి ఫోన్ చేస్తుంది, లేదా మర్నాడు బస్సెక్కి వస్తుంది. మూడోది, హాస్టల్‌లో ఒక్క మేడమ్‌కు మాత్రం విషయం చెప్పారు, ఎవరికి చెప్పాలో పిల్లే ఎంచుకుంది. బంధువులెవరికీ చెప్పలేదు.

ఒక కాగితం మీద ప్లాన్

ఆ కోరిక అలలా వస్తుంది. పెరుగుతుంది, ఒక స్థాయికి చేరుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఎప్పటికీ అలాగే ఉండదు. ఆ కాసేపు దాటడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేసిన సేఫ్టీ ప్లాన్ ఇందుకు పనికొస్తుంది. ఆరు మెట్లుంటాయి. నాకు అది వస్తోందని ముందే తెలిసే గుర్తులు, నేను ఒక్కదాన్నే చేయగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగల ఇంటివాళ్లు, డాక్టరూ హెల్ప్‌లైన్ నంబర్లూ, చివరగా చుట్టూ ఉన్న ప్రమాదకర వస్తువుల్ని దూరం పెట్టడం.

ఇది పిల్ల చేతిరాతతో, పిల్ల మాటల్లో ఉండాలి. అమ్మ రాసిస్తే పనిచేయదు. మన అమ్మాయి రాసుకున్న గుర్తులు: "దవడలు బిగుసుకుంటయ్, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు." ఒక్కదాన్నే చేసేవి: ముఖం మీద బాగా చల్లటి నీళ్లు చల్లుకోవడం, హాస్టల్ మెట్లు గబగబా పది సార్లు ఎక్కి దిగడం, నాన్నకు చెప్పలేని మాటలు నోట్‌బుక్ చివరి పేజీలో రాసి చింపేయడం. ఒంట్లో చేరిన ఉద్వేగాన్ని ఒంటితోనే దించేవి ఇవి.

ఆరో మెట్టు పెద్దవాళ్లది. ఇంట్లో మందుల షీట్లు, చేనుకు కొట్టే పురుగుమందుల డబ్బాలు తాళం లోపల ఉండాలి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. పత్తి, మిర్చి వేసే ఇళ్లల్లో ఇది మరీ ముఖ్యం. ఇది పిల్ల మీద అపనమ్మకం కాదు. "ఆ అల వచ్చినప్పుడు నీకు కొంచెం టైమ్ దొరకాలని" అని చెప్పి చేయండి. చెప్పకుండా చాటుగా గది వెతికితే మళ్లీ పోలీస్ స్టేషన్ కథే.

"అటెన్షన్ కోసమే చేస్తుంది" అంటే?

కొందరి విషయంలో అది కొంత నిజం కూడా కావచ్చు. నాలుగు రకాల్లో మూడోది అదే. కానీ పట్టించుకోవాలని ఒక పిల్ల గాయం దాకా వెళ్లిందంటే, మామూలు మాటతో పట్టించుకునేవాళ్లు దొరకలేదనే అర్థం. దానికి జవాబు పట్టించుకోకుండా వదిలేయడం కాదు. గాయం లేని రోజుల్లో ఎక్కువ పట్టించుకోవడం. గాయమైన రోజు నెమ్మదిగా, తక్కువ మాటలతో సాయం చేయండి. మామూలు మంగళవారం రోజున పక్కన కూర్చుని అరగంట కబుర్లు చెప్పండి. అప్పుడు ప్రేమకూ గాయానికీ ఉన్న ముడి విడిపోతుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. భయపడి పిల్లలు అడిగిందల్లా ఇచ్చేయడం. "కొత్త ఫోన్ ఇయ్యకుంటే మళ్లీ చేసుకుంట" అనే పరిస్థితి వస్తే, బాధను ఒప్పుకోండి, నియమాన్ని మార్చకండి. "నీకు ఎంత కోపమొచ్చిందో నాకు అర్థమైతుంది, నేను ఇక్కడే ఉంట. ఫోన్ సంగతి శనివారం కూసుని మాట్లాడుదాం." రెండు మాటలూ ఒకే గొంతుతో రావాలి.

తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?

హాస్టల్‌కు వెళ్లిన నాలుగో వారంలో ఆ అమ్మాయి మళ్లీ చేసుకుంది. "అంతా వేస్ట్ అయింది" అనుకునే చోటు ఇదే. కానీ ఈసారి ఏం జరిగిందో చూడండి. మర్నాడు పొద్దున తనే ఫోన్ చేసి "అమ్మా, తలనొప్పి" అంది. దసరాకు ముందు నెలల తరబడి దాచింది, ఇప్పుడు 12 గంటల్లో చెప్పింది. చూడాల్సిన లెక్క అది. గాయం ఎన్నిసార్లయింది అన్నదొక్కటే కాదు, ఎంత త్వరగా చెప్పింది, మధ్యలో ఎన్నిసార్లు మెట్లు ఎక్కి దిగి దాటేసింది అన్నది కూడా. మధ్యలో నాలుగు ఆదివారాలుంటే, మూడు దాటేసిందని తర్వాత తెలిసింది.

తల్లి అన్న మాట ఇదొక్కటే: "చెప్పినవ్, మంచి పని చేసినవ్. నిన్న ఏమైంది?"

మరోవైపు కొన్ని గుర్తులు కనపడితే ఇంటి ప్రయత్నం సరిపోదు. గాయాలు తరచుగా, లోతుగా అవుతున్నా, తిండీ నిద్రా పోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకుంటే మీకే మంచిది" లాంటి మాటలు వస్తున్నా, ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారన్న అనుమానం ఉన్నా ఆలస్యం చేయొద్దు. చివరి విషయంలో పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఒకప్పుడు ఈ మూడు జిల్లాలవాళ్లకు మానసిక వైద్యం అంటే వరంగల్ ఎంజీఎం, లేదంటే హైదరాబాద్. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటికి అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది" అని అడగండి. చుట్టూ మనుషులుంటారని సిగ్గయితే ముందు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ అది. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

"ఆసుపత్రికి పోతే పోలీస్ కేసైతది" అన్న భయం చాలామందిని ఆపేస్తుంది. తనను తాను గాయపరుచుకోవడం నేరం కాదు. ఆత్మహత్యాయత్నం విషయంలో కూడా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పాత ఐపీసీలోని 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. భయపడి చికిత్స ఆపుకోవాల్సిన పనిలేదు.

ఇది చదువుతున్న నీకు

మీ ఫ్రెండ్ ఎవరైనా "ఎవరికీ చెప్పొద్దు" అంటూ ఈ విషయం చెబితే, ఆ మాట ఇవ్వకండి. "నేను అందరికీ చెప్పను. కానీ నిన్ను కాపాడగల ఒక పెద్ద మనిషికి మనిద్దరం కలిసి చెబుదాం" అనండి. కోపగించుకోవచ్చు. పర్వాలేదు.

ఇది నీ కథే అయితే, ఆ గాయం నీకు ఏదో పని చేసి పెడుతోందని, అందుకే ఆపడం కష్టంగా ఉందని ఇప్పుడు తెలిసింది కదా. నువ్వు పిచ్చిదానివీ కాదు, చెడ్డవాడివీ కాదు. ఆ పనిని ఇంకోలా చేసుకోవడం నేర్చుకోవచ్చు, ఒక్కరే నేర్చుకోనక్కర్లేదు. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ లింక్ అమ్మకో అక్కకో వాట్సాప్‌లో పంపు. కింద "ఇది చదువు, రాత్రికి మాట్లాడుదాం" అని ఒక్క ముక్క రాయి. రాత్రి దాకా ఆగలేనంటే 14416.